శాలువా తీసేసి గడియారం పెట్టి చదివాను

ప్రశ్న: నేను రాసిన మొదటి కథ ఇది. మాధవి అనే అమ్మాయి మొదటి జీతంతో అమ్మకు వెచ్చటి శాలువా కొని తెస్తుంది. అమ్మ కప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. చదివినవాళ్ళందరూ "బాగుంది" అన్నారు. వారం తర్వాత అడిగితే ఒక్కరికీ ఏమీ గుర్తు లేదు. పద్నాలుగు వందల మాటల కథ, పూర్తిగా జతచేశాను. ఎక్కడ సరిదిద్దాలో దయచేసి చెప్పండి.

జవాబు:

మీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని, "శాలువా" అన్న మాట వచ్చిన ప్రతిచోటా దాన్ని కొట్టేసి "చేతి గడియారం" అని రాసుకుంటూ పోయాను. పందొమ్మిది చోట్ల మార్చాను. "కప్పింది" అన్నదాన్ని రెండుచోట్ల "తొడిగింది" అని దిద్దాల్సి వచ్చింది. మిగతా కథ చెక్కుచెదరలేదు. అమ్మ అలాగే ఏడ్చింది, మాధవి అలాగే గర్వపడింది, చివరి వాక్యం కూడా అలాగే సరిపోయింది. చదివినవాళ్ళకు ఎందుకు గుర్తు లేదో నాకు అక్కడే తెలిసింది. మీ కథలో కూతురు అమ్మకు ఒక కానుక ఇచ్చింది, అంతే. శాలువా ఇవ్వలేదు.

చాలా ఏళ్ళుగా కొత్తవాళ్ళ కథలు చదివి దిద్దుతున్నాను. ఇలాంటి కథ నా దగ్గరకు వచ్చినప్పుడు భావం తక్కువైందని నేనెప్పుడూ అనుకోను. మీకు అమ్మ మీద ఉన్న ప్రేమ ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది. తక్కువైంది శాలువా. అది ఏ దారంతో నేసింది, ఎంత బరువుంది, నలిగితే ఏమవుతుంది, ఒక చలికాలం వాడితే దాని మీద ఏ గుర్తులు మిగులుతాయి అన్నవి మీకు తెలిస్తే కథ తన దారి తానే వెతుక్కుంటుంది. అది ఎలాగో మీ కథ మీదే చూపిస్తాను.

ముందు చలి సంగతి. మీ పద్నాలుగు వందల మాటల్లో చలి ఒక్కచోటే ఉంది, "ఆ చలికాలపు సాయంత్రం" అన్నచోట. శాలువా ఇంటికి వచ్చేదాకా అమ్మకు చలి వేసినట్టు మాకు తెలియదు. చలి వేయని మనిషికి శాలువా ఇస్తే అది మర్యాద అవుతుంది గాని అవసరం కాదు. కాబట్టి కొనడానికి చాలా ముందే, వీలైతే మొదటి అరపేజీలోనే, అమ్మ చలిని ఎలా నెట్టుకొస్తోందో మేము చూడాలి. అమ్మ మాత్రం ఆ మాట నోటితో అనకూడదు. "నాకు చలి వేయదే" అనే మనిషి కావాలి మీకు. అలాంటి మనిషి ఏం చేస్తుందో ఆలోచించండి. నేనైతే ఆమెకు మాధవి బడి రోజుల స్వెటరు తొడుగుతాను. కూతురికి పొట్టిదైపోయింది, పారేయడానికి మనసు రాలేదు. అమ్మ తొడుక్కుంటే చేతులు మోచేతికీ మణికట్టుకీ మధ్యలో ఆగిపోతాయి. గుండీలు పెట్టడానికి కుదరదు, అందుకని రెండు అంచులనూ ఎడమ చేత్తో గుండె దగ్గర పట్టుకుని తిరుగుతుంది. కుడి చేత్తోనే అన్ని పనులూ చేస్తుంది.

ఆ ఎడమ చేతి పిడికిలిని గుర్తుపెట్టుకోండి. కథ చివర మనకు దానితో పని ఉంది.

ఇక దుకాణం. మీరు రాసింది ఇది: "మాధవి పెద్ద దుకాణానికి వెళ్ళి మెత్తటి, అందమైన, ఖరీదైన శాలువా కొన్నది." కథ మొత్తంలో మాధవి తనంతట తానుగా చేసే పని ఇదొక్కటే, దానికి ఒక్క వాక్యం ఇచ్చారు. అందులోనూ మూడు విశేషణాలున్నాయి, చేయి ఒక్కటీ లేదు. శాలువాను ఎవరూ కళ్ళతో కొనరు. వేళ్ళతో కొంటారు, ఆ వేళ్ళే మోసపోతాయి. చాలామంది రచయితలకు ఈ సంగతి తెలియదు కనుక ఇక్కడ కాస్త ఆగుతాను.

బల్ల మీద మూడు శాలువాలు పరిచారనుకోండి. ఒకటి యాక్రిలిక్, అంటే కృత్రిమ దారం. ఒకటి అచ్చమైన గొర్రె ఉన్ని. ఒకటి ఆ రెండూ కలిపి నేసిన మిశ్రమం. అనుభవం లేని చేతికి మొదటిదే మెత్తగా తగులుతుంది. అచ్చమైన ఉన్ని కొంచెం గుచ్చుకోవచ్చు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఉన్ని పోగు మందం ముప్ఫై మైక్రాన్లు దాటితే దాని కొస చర్మానికి తగిలి వంగిపోదు, పొడుస్తుంది. మేక నూగుతో నేసే పష్మీనా అంత మెత్తగా ఉండడానికి కారణం కూడా ఇదే. ఆ మేక లోపలి నూగు పోగు 12 నుంచి 16 మైక్రాన్ల మందం మాత్రమే ఉంటుంది, మన తల వెంట్రుకలో ఐదో వంతో అంతకన్నా కొంచెం ఎక్కువో. అయితే దుకాణంలో తగిలే మెత్తదనం వేరు, రాత్రి కప్పుకున్నప్పుడు వచ్చే వెచ్చదనం వేరు. ఉన్ని పోగు సహజంగానే మెలికలు తిరిగి ఉంటుంది. ఆ మెలికల మధ్య గాలి కదలకుండా నిలిచిపోతుంది, ఒంటి వేడిని బయటికి పోనివ్వనిది ఆ నిలిచిన గాలే. పైగా ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను, తడిసినట్టు అనిపించకుండానే, పీల్చుకోగలదు. యాక్రిలిక్ ఆ పని దాదాపు చేయలేదు. అందుకే చెమ్మగా ఉన్న రాత్రి రెండింటికీ తేడా తెలుస్తుంది, దుకాణంలో పగలు తెలియదు.

ఈ వివరాలన్నీ కథలో పెట్టమని చెప్పడం లేదు, పెడితే కథ పాడవుతుంది. మీకు తెలిసి ఉండాలి, అంతవరకే. తెలిస్తే మాధవి చేయి ముందు మెత్తటిదాని మీదకు పోతుంది. అమ్మే పెద్దాయన మాట్లాడకుండా ఉన్ని శాలువా ఒక మూలను ఆమె మణికట్టు చుట్టూ చుట్టి, కొంతసేపు అలాగే ఉంచి, "ఇప్పుడు చెప్పమ్మా" అంటాడు. చదివేవాళ్ళ మణికట్టుకు కూడా ఆ వెచ్చదనం తగులుతుంది. "ఉంగరంలోంచి దూరుతుంది, చూడండి" అనే మాట మాత్రం అతని చేత అనిపించకండి. సన్నటి పట్టు కూడా ఉంగరంలోంచి దూరుతుంది, దానివల్ల ఏదీ రుజువు కాదు. దారాన్ని గురించి కొంచెమైనా తెలిసిన పాఠకుడు అక్కడే కథను పక్కన పెట్టేస్తాడు.

ఇది నాకు జరిగింది. మొదట్లో నేను రాసిన ఒక కథలో అమ్మమ్మ తన ఉన్ని శాలువాను ప్రతి వారం వేడినీళ్ళలో నానబెట్టి, బండ మీద రుద్ది ఉతుకుతుంది. శ్రద్ధగల మనిషి అని చూపించాలని అలా రాశాను. అది అచ్చయ్యాక మగ్గం నేసే ఒక ఆవిడ ఉత్తరం రాశారు. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయనీ, వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోతాయనీ, ఇక విడిపోవనీ రాశారు. నాలుగు ఉతుకులకు మీ అమ్మమ్మ శాలువా బిరుసెక్కి తువ్వాలంత అయిపోయి ఉంటుంది, మీరు చూడలేదా అని అడిగారు. నిజంగానే చూడలేదు. ఆ కథను నేను మళ్ళీ ఏ సంకలనంలోనూ చేర్చలేదు. కథలోకి ఏ వస్తువును తెచ్చినా ముందు దాన్ని వాడేవాళ్ళ దగ్గరో చేసేవాళ్ళ దగ్గరో కూర్చోవడం ఆ ఉత్తరం తర్వాతే మొదలుపెట్టాను.

ఇప్పుడు అసలు నిర్ణయానికి వద్దాం. మాధవి ఈ మూడింటిలో ఏది కొంటుంది? దారం మారితే కథలో ఆ తర్వాత ఏం జరగగలదో కూడా మారిపోతుంది. ఖరీదైన అచ్చమైన ఉన్ని కొంటే అమ్మ దాన్ని దాచేస్తుంది, దాచిన ఉన్నిని పురుగు కొరుకుతుంది. ఒక ఏడాది తర్వాత మడత విప్పితే మినపగింజంత చిల్లులు, అన్ని పొరల్లోనూ ఒకే చోట. అది ఒక కథ. యాక్రిలిక్ కొంటే, ఏదో ఒక రోజు పొయ్యి దగ్గర కుచ్చు కొసకు మంట తగులుతుంది. ఉన్ని అయితే మెల్లగా కాలి, వెంట్రుక కాలిన వాసన వేసి, తనంతట తానే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలా బిగుసుకుంటుంది. కూతురు ఉన్ని అనుకుని కొన్నది ఉన్ని కాదని అమ్మకు ఆ పూస చెబుతుంది, ఆమె ఆ కుచ్చును కత్తిరించేసి ఎవరికీ చెప్పదు. అదీ ఒక కథే, మీరు ఎప్పుడైనా రాసుకోవచ్చు. కానీ మీ మాధవికి, మీ కథ ఉన్న స్థితికి, మూడోదే సరైనదని నా అభిప్రాయం. మిశ్రమం. ఎందుకో చెప్పాలంటే జీతం సంగతి ఎత్తాలి.

మీ కథలో మొదటి జీతం ఒక పండుగలా వచ్చి పడింది. ఉద్యోగం చేసిన ఎవరినైనా అడగండి, మొదటి జీతం దాదాపు ఎప్పుడూ అనుకున్నదానికన్నా తక్కువే వస్తుంది. నెల మధ్యలో చేరినవాళ్ళకు చేరిన రోజునుంచే లెక్క కడతారు. మాధవి ముప్ఫై రోజుల నెలలో 11వ తేదీన చేరిందనుకోండి, ఆమెకు వచ్చేది ఇరవై రోజుల జీతం. అంటే మూడింట రెండు వంతులు. అందులోంచి కోతలు పోతాయి, ఊరుగాని ఊళ్ళో గది అద్దె మాత్రం పూర్తి నెలదే కట్టాలి. ఆమె నెలంతా పూర్తి జీతం లెక్కన అచ్చమైన ఉన్ని శాలువా కొనాలని అనుకుంటూ ఉంది. ఫోనులో జీతం పడ్డ సందేశం చూసుకుని, అంకె తప్పుగా చదివానేమో అని మళ్ళీ చదువుతుంది. మూడు వాక్యాలు చాలు దీనికి. జాలి పుట్టించే ప్రయత్నం ఏమీ వద్దు. ఆమె దుకాణంలోకి అడుగు పెట్టేసరికి చేతిలో ఎంత ఉందో మాకు తెలిసి ఉంటే, మణికట్టు చుట్టూ ఉన్న ఉన్నిని ఆమె విప్పి వెనక్కి ఇచ్చినప్పుడు ఇంకేమీ రాయనక్కర్లేదు. "ఇందులో సగం ఉన్ని ఉంది, సగం కలిపారు" అని పెద్దాయన నిజం చెప్పి మిశ్రమం చూపిస్తాడు. ఆమె అది కొంటుంది. ఇంటికి వెళ్ళేదాకా ఆ "సగం" అన్న మాట ఆమె మనసులోంచి పోదు.

ఇక కానుక ఇచ్చే ఘట్టం. మీ కథలో అమ్మ శాలువా కప్పుకోగానే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, "తన కష్టం ఫలించిందని అమ్మ అనుకుంది" అని ఆమె మనసు కూడా మీరే చెప్పేశారు. ఈ రెండూ తీసేయండి. కన్నీళ్ళు అబద్ధమని కాదు, అలా ఏడ్చే తల్లులు ఉంటారు. కానీ అమ్మ ఏడ్చేస్తే పాఠకుడికి చేయడానికి ఏమీ మిగలదు. మనసులోకి వెళ్ళడం ఇంకా పెద్ద నష్టం. కథంతా మాధవి కళ్ళతో నడుస్తూ ఆ ఒక్కచోట అమ్మ తలలోకి దూకారు. అమ్మ ఏమనుకుందో అప్పుడే తెలిసిపోతే, ఆ తర్వాత మాధవి తెలుసుకోవలసింది ఏముంటుంది?

శాలువా చేతికి వచ్చినప్పుడు, ఎప్పుడూ తన కోసం ఏదీ కొనుక్కోని మనిషి ఏం చేస్తుందో చూద్దాం. ఆమె ముందు ధర అడుగుతుంది. తర్వాత బట్టను తిరగేసి వెనకవైపు చూస్తుంది, అంచు దగ్గర వేలు నడుపుతుంది. ఇలా రాసి చూశాను:

"ఎంతయింది?"

"ఎంతయితే ఏమిటమ్మా, కప్పుకో."

అమ్మ విప్పలేదు. ఒక మడత మాత్రం తెరిచి, లోపలి వైపు బొటనవేలితో రాసి చూసింది. కుచ్చులు లెక్కపెడుతున్నట్టుగా ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నుంచి జారనిచ్చింది. "నీకు కొనుక్కోవలసింది. అక్కడ నీ గదిలో చలి కాదూ?" అంది. తర్వాత, దుకాణంవాళ్ళు వేసిన గీతల మీదే, ఎనిమిది పొరలుగా, ఎలా ఉన్నదాన్ని అలాగే మడిచి, సన్నటి కాగితంలో చుట్టి బీరువాలో పెట్టింది. తలుపు వేసేటప్పుడు స్వెటరు అంచులు ఎడమ చేత్తో పట్టుకుని ఉంది.

ఇంతే. ఇక్కడ మాధవికి బాధ కలుగుతుంది, కలగాలి. సగం ఉన్నే అని అమ్మకు తెలిసిపోయిందా? నచ్చలేదా? లేక దాచుకుంటోందా? మూడింటిలో ఏది నిజమో ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. మీ కథలో ఇంతవరకు లేని ముడి ఇక్కడ పడుతుంది. దుకాణం మడతల మీదే తిరిగి మడవడం ఎంత చిన్న పనో చూడండి. కొత్త బట్టను వాడను, దాస్తాను అని నోటితో చెప్పకుండా చెప్పే తీరు అది. మాధవి మర్నాడు తిరిగి వెళ్ళిపోతుంది. ఫోనులో "శాలువా కప్పుకుంటున్నావా" అని అడుగుతుంది, "ఆ, కప్పుకుంటున్నాను" అని జవాబు వస్తుంది. ఆ "ఆ" ని ఆమె నమ్మదు. రెండు ఫోను సంభాషణలు చాలు, మూడోది పెట్టకండి.

చలికాలం చివర, మూడు నెలల తర్వాత, ఆమె మళ్ళీ ఇంటికి వస్తుంది. ఈ చివరి ఘట్టం కోసమే మనం మిశ్రమాన్ని ఎంచుకున్నది. వాడిన ఉన్ని బట్ట మీద రాపిడి తగిలే చోట నూగు లేచి చిన్న చిన్న ఉండలు కడుతుందని మీకు తెలిసే ఉంటుంది. అచ్చమైన ఉన్నిలో ఆ ఉండలు కొన్నాళ్ళకు చాలావరకు రాలిపోతాయి, ఎందుకంటే ఉన్ని పోగుకు బలం తక్కువ, తెగిపోతుంది. మిశ్రమంలో కృత్రిమ పోగు గట్టిది. అది ఉండను బట్టకు కట్టేసి పట్టుకుంటుంది, ఊడనివ్వదు. అందుకే మిశ్రమం శాలువాలు తొందరగా పాతబడ్డట్టు కనిపిస్తాయి. కొనేవాళ్ళకు అది లోపం, మీ కథకు అదే సాక్ష్యం. పైగా ఉండలు బట్టంతా సమానంగా కట్టవు. రాసుకున్న చోటే కడతాయి. భుజానికి సంచి తగిలించుకునే మనిషికి భుజం మీద, బల్ల ముందు కూర్చుని పనిచేసే మనిషికి ముంజేతుల దగ్గర. మరి రెండు అంచులనూ ఎడమ పిడికిలితో గుండె దగ్గర పట్టుకుని తిరిగే మనిషికి ఎక్కడ కడతాయి?

మాధవి ఇంకేదో వెతుకుతూ బీరువా తీస్తుంది. కలరా ఉండల వాసన ముందు వస్తుంది. చూడకముందే ఆమెకు అర్థమైపోయినట్టు అనిపించాలి, అమ్మ దాన్ని ముట్టనేలేదని. పాఠకుడు కూడా అదే అనుకోవాలి. ఈ తప్పుడు నమ్మకం ఒక్క వాక్యం సేపు ఉంటే చాలు. తర్వాత:

శాలువా సన్నటి కాగితంలో లేదు. ఎనిమిది పొరలుగానూ లేదు. అమ్మ దుప్పట్లు మడిచినట్టు, నాలుగు పొరలుగా ఉంది. మాధవి దాన్ని మంచం మీద పరిచింది. దుకాణం గీతలు ఎక్కడా కనిపించలేదు. రెండు నిలువు అంచుల దగ్గర, పైనుంచి ఒకే ఎత్తులో, అరచేయి వెడల్పున, నూగు ఉండలు గుత్తులుగా కట్టి ఉన్నాయి. మిగతా బట్ట కొత్తగానే ఉంది. ఆమె ఆ రెండు చోట్లనూ దగ్గరికి తెచ్చి, ఎడమ పిడికిట్లో పట్టుకుంది. సరిగ్గా సరిపోయాయి.

కథ ఇక్కడ ఆగాలి. వంటింట్లోంచి అమ్మ "దొరికిందా?" అని అడిగితే, "ఆ, దొరికింది" అనే ఒక్క మాట మాధవి చేత అనిపించవచ్చు. ఫోనులో అమ్మ అన్న "ఆ" కి అది జవాబులా కుదురుతుంది. అది కూడా అక్కర్లేదనిపిస్తే తీసేయండి, నేను ఉంచేవాణ్ణి. అమ్మ ఏ గంటలో కప్పుకుందో, ఎవరూ చూడనప్పుడు ఎందుకు కప్పుకుందో చెప్పే బాధ్యత మీకు లేదు.

ఇలా రాస్తే రెండు చోట్ల తేడా రావచ్చు, వాటిని ముందే చూసుకోండి. మొదటిది కాలం. ఉండలు ఒక వారంలో అంతగా కట్టవు, కాబట్టి మాధవి తిరిగి రావడం పదిహేను రోజులకే అని రాస్తే నమ్మకం పోతుంది. రెండు మూడు నెలలైనా ఉండాలి, అదీ రోజూ వాడి ఉండాలి. రెండోది, పిడికిలిని మొదటి పేజీలో ఎంత గట్టిగా చూపించాలన్నది. "ఎడమ పిడికిలి" అని మూడుసార్లు అంటే చివర రాబోయేది పాఠకుడు ముందే పసిగడతాడు. అసలు అనకపోతే చివర ఏమీ వెలగదు. నా లెక్కలో రెండుసార్లు. మొదట స్వెటరు గుండీలు పట్టవని చెప్పేటప్పుడు ఒకసారి, బీరువా తలుపు వేసేటప్పుడు ఒకసారి, రెండోది ఇంకేదో పని చెబుతున్న వాక్యం చివర దాగినట్టుగా. రాసిన తర్వాత మీ కథ తెలియని ఒకరికి ఇచ్చి చదివించండి. మంచం మీద శాలువా పరిచిన వాక్యం దగ్గర వాళ్ళ చేయి తెలియకుండానే గుండె దగ్గరకు వెళ్ళిందేమో గమనించండి. ఒకవేళ వాళ్ళు మొదటి పేజీకి వెనక్కి తిప్పి వెతుక్కుంటే, స్వెటరు దగ్గర ఇంకో నాలుగు మాటలు కావాలని అర్థం.

మీ పాత కథలోంచి ఉంచవలసింది కూడా ఒకటి ఉంది. బస్సులో మాధవి పొట్లాన్ని ఒడిలో పెట్టుకుని, పైనున్న అరలో పెట్టమని కండక్టరు చెప్పినా పెట్టకపోవడం. అది మీరు చూసి రాసిందని చదవగానే తెలుస్తుంది. దాన్ని కదపకండి. ఆ పేరాలో "ఆనందంతో ఉప్పొంగిపోతూ" అన్న రెండు మాటలు మాత్రం కొట్టేయండి, పొట్లం పట్టుకున్న చేతులు ఆ పని ముందే చేశాయి. దుకాణానికి మీరిచ్చిన ఒక్క వాక్యం రెండు పేజీలు కావాలి, అమ్మ త్యాగాల గురించి మొదట్లో రాసిన పేజీన్నర ఆ స్వెటరు ఒక్కదానిలోకి కుదించాలి. మొత్తం మీద కథ ఇప్పుడున్నదానికన్నా పెద్దగా పెరగదు.

తిరగరాయడానికి ముందు ఒక పని చేయండి. ఇంట్లో మూడు నాలుగేళ్ళు వాడిన శాలువా ఏదైనా ఉంటే తీసి, వెలుతురులో పరచండి. ఉండలు ఎక్కడ కట్టాయో, ఏ కుచ్చు ఊడిందో, ఏ మూల వేలాడిపోయిందో చూసి, దాన్ని ఎవరు ఎలా కప్పుకునేవారో చెప్పగలరేమో ప్రయత్నించండి. తర్వాత ఆ మనిషినే అడగండి. ఆ చూసింది కాగితం మీద పెట్టి, కథ మళ్ళీ రాసి పంపండి, చదువుతాను.